తలుపు మూసి లెక్క చూచుకొనుడి

వాక్యభాగము: 2 రాజులు 4:1–7



మన అనంతపురము సీమలో ఏడాదికి కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. ఆ వానను నమ్ముకొని జూన్, జూలై నెలలలో చెనక్కాయ విత్తుదుము. కాయలు అమ్మి చేతిలో డబ్బు చూచుకొనుసరికి నవంబరు దాటును. రైతు ఇంటికి డబ్బు ఏడాదికొకమారు వచ్చును, ఖర్చు మాత్రము ప్రతిదినము వచ్చును. వచ్చిన దినమున అది పెద్ద మొత్తముగా కనబడును. మరుసటి పంటవరకు సరిపుచ్చవలసిన మొత్తమని ఆ దినమున ఎవరికిని తోచదు. మన ఇండ్లలో డబ్బునుగూర్చిన జగడములు అనేకము ఇక్కడనే మొదలగుచున్నవి.

మన వాక్యభాగములోని విధవరాలి భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, దైవభక్తి గలవాడు. అయినను అప్పు మిగిల్చి చనిపోయెను. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చియున్నాడు. ఆమె ఎలీషా యొద్దకు వచ్చి మొఱపెట్టినప్పుడు, ఆ దైవజనుడు ఈ అప్పు ఎవరు చేసిరి, ఎందుకు చేసిరి అని అడుగలేదు. నీ ఇంటిలో ఏమున్నదని అడిగెను. తరువాత ఆమెయు కుమారులును లోపలికి పోయి తలుపు మూసికొనవలెనని చెప్పెను. నూనె నిండిన తరువాత దానిని అమ్మి అప్పు తీర్చి, మిగిలిన దానితో బ్రతుకుమనెను. ఈ వరుసను మనస్సున ఉంచుకొనుడి.

మన ప్రాంతములోని ఒక కుటుంబమును చెప్పెదను. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ముసలి తండ్రి, నాలుగెకరముల ఎఱ్ఱనేల. ఒక సాయంకాలము భార్య కంతులమీద 1,800 రూపాయల చీర తీసికొనెను. భర్త కేకలు వేసెను. ఆమె, “నీవు బోరులో పోసిన డబ్బు మాట ఏమి?” అనెను. తండ్రి, “మా కాలములో ఇట్లు లేదు” అనెను. ఆ రాత్రి ఎవరును అన్నము తినలేదు. ఇది మూడవమారో నాలుగవమారో. చివరకు ఆ కోడలే వచ్చి, “అయ్యగారూ, మీరొకసారి వచ్చి మా యింట కూర్చోండి” అని పిలిచెను.

ఒకే జగడము మరల మరల వచ్చుచున్నదనిన, దాని వేరు చీరలో లేదు. చెప్పని సంగతి ఏదో ఆ ఇంట ఉన్నదని గుర్తు. ఇక్కడ భర్త రెండేండ్ల క్రిందట నీళ్లు పడని బోరుకొరకు 50,000 రూపాయలు ప్రోనోటు వ్రాసి తెచ్చెను. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. అనగా నెలకు 1,000, ఏడాదికి 12,000. రెండేండ్లకు 24,000 పేరుకొనెను. భార్యకు బోరు తెలియును గాని ప్రోనోటు తెలియదు. చీరను చూచినప్పుడు అతనికి కనబడినది చీర కాదు, ఆ నోటే. ఆమెకు కనబడినది కారణము లేని కోపమే.

మేము ఆదివారము రాత్రి భోజనమైన తరువాత, పిల్లలు నిద్రించిన తరువాత కూర్చుంటిమి. వడ్డీవాడు వచ్చిపోయిన దినమున గాని, ఆకలిమీద గాని, సంతనుండి వచ్చిన గడపలో గాని ఈ మాట ఎత్తకూడదు. చుట్టుప్రక్కలవారు వినునట్లు కూడదు. తలుపు మూయుట అనగా ఇదే. దాచియుంచినవాడే మొదట మాటలాడవలెనని నేను చెప్పితిని. ఎదుటివారి ఖర్చు ఎత్తకముందు ఎవరి ఖర్చు వారే చెప్పవలెను. అతడు చాలసేపు తల వంచుకొని, “నోటొకటి ఉంది. నీకు చెప్పలేదు” అనెను. ఆమె ఏడ్చెను. ఆ ఏడుపు తగ్గువరకు ఎవరును లెక్కలోనికి పోలేదు.

తరువాత, ఇంటిలో ఏమున్నదని అడిగితిమి. పిల్లవాని నోటుపుస్తకములో ఒక పుట చాలెను. కాయలు అమ్మగా వచ్చినది 92,000. బ్యాంకు పంట అప్పు వడ్డీతో 64,200. అది గడువులో కట్టవలసినదే, కట్టినవారికి వడ్డీలో కొంత తగ్గును. మిగులునది 27,800. ప్రోనోటుకు మాత్రము 74,000 కావలెను. అప్పుడు తండ్రి, “నా గొర్రెలలో మూడింటిని అమ్ముదాము” అనెను. వాటికి 24,000 వచ్చును, వడ్డీ తీరును. భార్య తన గొలుసు బ్యాంకులో కుదువబెట్టి అసలు తీర్చుదమనెను. అక్కడ వడ్డీ ఏడాదికి 5,000 మించదు. ఆ విధముగా 27,800 ఇంటి ఖర్చుకు నిలిచెను. తనయొద్ద ఏమియు లేదని చెప్పిన విధవరాలికి ఒక నూనెకుండ జ్ఞాపకము వచ్చినట్లే ఇదియు.

ఒక సంగతి గమనించుడి. గొలుసు ఇమ్మని భర్త అడుగలేదు, నేనును అడుగలేదు. అడిగియుంటే అది లెక్క కాక దోపిడియై యుండును. ఆలాగే తండ్రికి నెలకు వచ్చు 4,000 రూపాయల పింఛను అతని చేతిలోనే ఉండవలెనని తీర్మానించుకొనిరి. మందులకు, మనుమల చేతిలో పెట్టుటకు అతడు ఎవరిని అడుగనక్కరలేదు. తలిదండ్రులకు చెందవలసినది దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనువారిని ప్రభువు గద్దించెను (మార్కు 7:9–13). కుటుంబమునకు అర్పితమని చెప్పి వారిదానిని తీసికొనుటయు మంచిది కాదు.

ఇంక వారు రెండు నియమములు పెట్టుకొనిరి. వెయ్యి రూపాయలకు మించిన ఏ ఖర్చైనను, అప్పైనను ఇద్దరును ముందుగా మాటలాడుకొనవలెను. అంతకు లోపల ఎవరును ఎవరిని ప్రశ్నింపరాదు. నెలకొక ఆదివారము రాత్రి పుస్తకము తెరువవలెను. మిగిలిన దినములలో మూసియుంచవలెను.

ఇది వెంటనే కుదిరెనని చెప్పను. రెండవ నెలలో భర్త ప్రతి సాయంకాలము పుస్తకము పట్టుకొని, “ఈ నలభై రూపాయలేమి?” అని అడుగసాగెను. ఆమె వ్రాయుట మానివేసెను. లెక్క పుస్తకము నేరారోపణ పత్రమైన దినమున అబద్ధము మరల ఇంటిలోనికి వచ్చును. పాత బోరు మాట ఎత్తినను అంతే. తీరిన అప్పును మరల ఎత్తకూడదని వారికి గుర్తు చేయవలసి వచ్చెను.

ఈ మార్గమునకు హద్దు కూడ ఉన్నది. డబ్బు సారాయికి, పేకాటకు పోవుచున్నయెడల నోటుపుస్తకము దానిని ఆపదు. భర్త చేయి చేసికొను ఇంటిలో, అమ్మా, తలుపు మూసికొని కూర్చుండవద్దు. ఆ విధవరాలును తలుపు మూయకముందు బయటికి వచ్చి దైవజనునియొద్ద మొఱపెట్టినది. సంఘపెద్దలకు, నమ్మకమైన ఒక సహోదరికి చెప్పుడి. 181 అను నంబరుకు ఫోను చేసినను స్త్రీలకు సహాయము దొరకును.

అననీయ సప్పీరాలు కూడ డబ్బునుగూర్చి ఏకమనస్సుతోనే మాటలాడుకొనిరి (అపొస్తలుల కార్యములు 5:1–11). అయితే దాచుటకు ఏకమైరి. మన ఇండ్లలో దాచినదానిని బయటపెట్టుటకు ఏకమగుదము. ఈ నెల ఒక ఆదివారము రాత్రి భోజనమైన తరువాత తలుపు మూసి, చిన్న ప్రార్థన చేసి, మీరు దాచియుంచినది ఏదో మీరే మొదట చెప్పుడి. తరువాత, ఇంటిలో ఏమున్నదో కలిసి చూడుడి.

ఆ విధవరాలి ఇంటిని విడువని దేవుడు మీ ఇంటిని కాపాడును గాక. ఆమేన్.