కబురు ఎంతవరకు?

2024 జనవరి 1న అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ ఆసుపత్రిలో చేరారు. మర్నాడు ఆయన అధికారాలు కొన్ని సహాయ మంత్రి కాథ్లీన్ హిక్స్‌కు వచ్చాయి, ఎందుకో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అధ్యక్షుడు బైడెన్‌కు 4వ తేదీన గానీ తెలియలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ అని 9న వెల్లడించారు.

జబ్బు పేరు ఆయన సొంత విషయం. ఆయన లేనప్పుడు నిర్ణయాలు ఎవరు తీసుకుంటారన్నది మాత్రం బృందానికి ఆ రోజే తెలియాలి. అక్కడ ఈ రెండూ ఒకే మూటలో పడిపోయాయి.

మామూలు ఆఫీసులోనైనా ఎవరైనా ఆసుపత్రిలో చేరితే, మేనేజరు ముందుగా రోగినే అడగాలి, ఆయన మాట్లాడలేకపోతే ఇంట్లోవాళ్లను: "మావాళ్లకు ఏం చెప్పమంటారు?" జవాబు వచ్చేదాకా గ్రూపులో ఇంతే చాలు: "ఆయన రెండు వారాలు సెలవులో ఉంటారు. జీతాల బిల్లులు అకౌంటెంటు గారు చూస్తారు. పలకరింపులు నాకు పంపండి, అందజేస్తాను."

ఇందులో 'ఆసుపత్రి' అన్న మాటే లేదు. అనుమతి దొరికితే చేర్చవచ్చు. వార్డు పేరు మాత్రం వద్దు. 'కార్డియాలజీ' అని రాస్తే జబ్బు చెప్పేసినట్టే. ఎవరైనా గుచ్చి అడిగితే, "వివరాలు ఆయనే చెప్పాలి" అనడంలో మొహమాటమేమీ అక్కర్లేదు.