పదోన్నతిని వద్దనడానికీ ఒక అదను

జవహర్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని, హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే ఒక గుమాస్తాకు నాగపూర్‌లో పదోన్నతి వచ్చిందనుకుంటే, అది వద్దని రాసిచ్చే ముందు ఆయన చూసుకోవలసింది తన సర్వీసు లెక్క. కారణాలు సమంజసమని అధికారి అంగీకరిస్తే నిరాకరణ చెల్లుతుంది గాని, ఆ తేదీ నుంచి ఏడాదిపాటు మళ్లీ పదోన్నతి ఇవ్వరు, ఈలోగా పైకి వెళ్లిన జూనియర్లు ఆ హోదాలో సీనియర్లవుతారు. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అసలు మెలిక ఎం.ఏ.సి.పి.లో ఉంది. పదోన్నతి లేక నిలిచిపోయినవారికి 10, 20, 30 ఏళ్ల సర్వీసు మీద జీతం స్థాయి పెంచే ఈ పథకం, తొమ్మిదో ఏట పదోన్నతిని కాదన్నవారిని అవకాశం లేక ఆగిపోయినవారిగా ఎంచదు కనుక పదేళ్ల పెంపు వారికి దక్కదు. ఆ పెంపు అందుకున్నాక కాదంటే మాత్రం అది వెనక్కి పోదు, తరువాతి పెంపు మళ్లీ పదోన్నతికి ఒప్పుకునేదాకా ఆగుతుంది. అందుచేత లేఖలో తల్లిదండ్రుల వైద్యం వంటి కారణంతోపాటు, గడువు ముగిశాక పదోన్నతికి సుముఖమనీ, ఈలోగా నగరంలోనే డెప్యుటేషన్‌కు, అంటే వేరే శాఖలో తాత్కాలిక నియామకానికి, సిద్ధమనీ రాయడం మేలు. ఇదంతా పదోన్నతితో కూడిన బదిలీకే వర్తిస్తుంది. మామూలు బదిలీ విషయంలోనైతే, బదిలీకి లోబడిన ఉద్యోగి ఒకే చోట కొనసాగడాన్ని హక్కుగా కోరలేడని సుప్రీంకోర్టు 1991లోనే శిల్పీ బోస్ కేసులో చెప్పింది.