పరాయి ఊళ్లో తోట

నేటి పఠనం: యిర్మీయా 29:4–7

క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజైన యెకోన్యానూ, అతని తల్లినీ, అధికారులనూ, చేతిపనివారినీ బబులోనుకు చెరపట్టుకుపోయాడు. వెనక ఊళ్లో ఉండిపోయిన యిర్మీయా వాళ్లకి ఒక ఉత్తరం రాశాడు. ఈరోజు మనం చదివే భాగం అందులోదే. కానీ దాని బరువు తెలియాలంటే ముందు అధ్యాయం కూడా చదవాలి. అక్కడ హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు నిలబడి, రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తారని ప్రకటించాడు. యిర్మీయా అయినా మొదట ఆమేన్ అనే అన్నాడు. అలాగే జరగాలని ఆయనకీ ఆశే మరి. దేవుని మాట మాత్రం వేరు. డెబ్బై ఏళ్లు. కాబట్టి ఇళ్లు కట్టుకోమనీ, తోటలు వేసుకుని వాటి పంట తినమనీ, చెరపట్టి తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమనీ ఆ ఉత్తరంలో ఉంది.

తోట అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. రేపు వెళ్లిపోయేవాడు తోట వెయ్యడు. మొక్క పాతితే నీళ్లు పొయ్యాలి, కంచె కట్టాలి, కాపు వచ్చేదాకా ఉండాలి. ఇంటి మీద బెంగ పెట్టుకున్న మనిషి చెయ్యలేని పని సరిగ్గా అదే. వాడి మనసంతా తిరుగు ప్రయాణం మీద ఉంటుంది.

మా సంఘంలో పెరిగిన ఒక అమ్మాయికి అస్సాంలోని సిల్చార్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. భీమవరం దగ్గర పల్లె వాళ్లది. చదువులో దిట్ట, ధైర్యం కలది. అక్కడికి వెళ్లాక తెలిసిన మొదటి సంగతి ఆవనూనె వాసన. కూర, వేపుడు, చేప, అన్నీ ఆ నూనెతోనే. మెస్సులో అన్నమైతే రోజూ ఉంటుంది, పప్పూ ఉంటుంది. కానీ ఆ పప్పులో మన తాలింపు వాసన రాదు. కంచం ముందు కూర్చుంటే గొంతు పట్టేసేదట.

రెండో సంగతి సాయంత్రం. దేశమంతటికీ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం తూర్పున ముందే దిగిపోతాడు. డిసెంబరులో భీమవరంలో ఐదున్నర దాటాక పొద్దు గూకితే, సిల్చార్‌లో నాలుగున్నరకే గూకుతుంది. క్లాసు అయిపోయి గదికి వచ్చేసరికి చీకటి. భోజనానికి ఇంకా మూడు గంటలుంటుంది. బెంగ పగలంతా పనిలో అణిగి ఉండి, చెయ్యి ఖాళీ అయిన వేళ చూసి లేస్తుంది. సందెవేళ, ఆదివారం మధ్యాహ్నం, పడుకోబోయే ముందు. ఈ అమ్మాయికి రోజూ ఆ ఖాళీ వేళ మూడు గంటలు.

ఆ మూడు గంటలూ ఫోన్‌లో గడిచేవి. వీడియో కాల్ పెట్టి, వాళ్లమ్మ వంటగదిలో ఫోన్ నిలబెట్టుకుని ఉంటే, పొయ్యి మీద ఏముందో చూస్తూ కూర్చునేది. ఫోన్ పెట్టగానే ఏడుపు. తల్లి కూడా ఏడ్చేది. "నువ్వు లేక ఇల్లు బోసిపోయిందమ్మా, ఎంతలో సంక్రాంతి వచ్చేస్తుందిలే, అన్నీ సర్దుకుని వచ్చేద్దువుగాని" అనేది. ప్రేమకొద్దీ అన్న మాటే. కానీ అది హనన్యా మాట. వినడానికి తియ్యగా ఉంటుంది, విన్నవాళ్లని ఉన్నచోట మాత్రం నిలవనివ్వదు. బిడ్డ సిల్చార్‌లో ఒక మంచం మీద కూర్చుని భీమవరంలో బతుకుతోంది. అక్కడా లేదు, ఇక్కడా లేదు.

ఇలాంటప్పుడు తల్లిదండ్రులు చెయ్యగలిగిన పని ఒకటుంది, అది కష్టమైనదే. బిడ్డకి ఏడుపు వచ్చినప్పుడల్లా కాకుండా, ఇద్దరికీ కుదిరిన ఒక వేళకి మాట్లాడటం. వీళ్లు రాత్రి భోజనాలయ్యాక ఒక అరగంట అనుకున్నారు. తల్లి అడిగే ప్రశ్న కూడా మారింది. "ఏం తిన్నావు, ఏడ్చావా" అని కాదు, "ఇవాళ ఎవరితో మాట్లాడావు, ఏం చూశావు" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే పగటిపూట ఒకరితో మాట్లాడి ఉండాలి, ఏదో ఒకటి చూసి ఉండాలి. మొదటి వారం ఇద్దరికీ నరకంలాగే గడిచింది. తర్వాత చెప్పడానికి కబుర్లు పోగవడం మొదలైంది.

ఇక తోట సంగతి. హాస్టల్ గదిలో తోట అంటే మంచం, బల్ల, అలమర, ఒక కిటికీ. చాలా హాస్టళ్లలో కరెంటు కెటిల్, ఇండక్షన్ పొయ్యి వాడనివ్వరు. అక్కడా అంతే. కాబట్టి పొయ్యి లేకుండా నిలిచేది కావాలి. ఇంటి నుంచి కందిపొడి వెళ్లింది. పావుకిలో కందిపప్పు, గుప్పెడు పచ్చిశనగపప్పు సన్నసెగ మీద దోరగా వేయించాలి. ఎనిమిదో పదో ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర విడిగా వేయించాలి. అన్నీ పూర్తిగా చల్లారాకే ఉప్పు వేసి పొడి కొట్టాలి. వేడి మీద కొడితే ఆవిరి పట్టి, డబ్బాలో ఉండలు కడుతుంది. ఇంట్లో తినే పొడిలో వెల్లుల్లి బావుంటుంది గానీ దూరం పంపేదాంట్లో వద్దు, ఆ తడికి పొడి తొందరగా పాడవుతుంది. సిల్చార్ ఉన్న బరాక్ లోయలో వానలు ఎక్కువ, గాల్లో చెమ్మ ఎక్కువ. అందుకని ఒక పెద్ద సీసా కాకుండా నాలుగు చిన్న సీసాలు, ఒకటి అయ్యాకే ఇంకోటి తెరిచేట్టు పంపారు. పొడితోపాటు పంపే ఆవకాయ మీద నూనె ఎప్పుడూ తేలుతూ ఉండాలి, తడి చెంచా పెట్టకూడదు. తెల్లగా బూజు చుక్క కనబడితే పైది తీసి తినడం కాదు, సీసా మొత్తం పారెయ్యాలి.

పొడి రాగానే బెంగ పోలేదు. ఆ అమ్మాయి మొదట్లో సీసాని దాచుకుని, గదిలో ఒక్కతే అన్నం తెచ్చుకుని తినేది. అలా తిన్న రోజు ఇల్లు మరీ గుర్తొచ్చేది. గదిలో తోడున్న అమ్మాయిది మిజోరం. ఇల్లు పక్క రాష్ట్రంలోనే ఉన్నా ఆమె కూడా రాత్రిళ్లు గోడవైపు తిరిగి ఏడుస్తూనే ఉందని మనవాళ్ల పిల్లకి ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు సీసా మెస్సుకి తీసుకెళ్లి, వేడన్నం మీద పొడి, నెయ్యి వేసి కలిపి ఆమెకి ఒక ముద్ద పెట్టింది. కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయట గాని, ఇంకో ముద్ద అడిగిందట. మరో వారం ఆమె ఇంటి నుంచి వచ్చిన వెదురు మొలకల పచ్చడి బల్లమీదికి వచ్చింది. అప్పటి నుంచి రాత్రి పడుకునే ముందు ఇద్దరూ ప్రార్థన చేసుకుంటున్నారు, ఒకరు మిజోలో, ఒకరు తెలుగులో. ఇంటి వస్తువు ఒంటరిగా తింటే గాయాన్ని కెలుకుతుంది, నలుగురిలో తింటే ఉన్నచోటుకి కట్టిపడేస్తుంది. బబులోనులో వేసిన తోటల పండ్లు కూడా ఇరుగుపొరుగులకి వెళ్లే ఉంటాయని నా నమ్మకం.

చీకటి పడే వేళకి కూడా ఒక పని పెట్టుకున్నారు. పొద్దు గూకే సమయానికి గదిలో ఉండకూడదు, అంతే. ఇద్దరూ గేటు దాకా నడిచి, పాలు లేని ఎర్రటీ తాగి వస్తారు. టీ అమ్మే పెద్దాయనకి "భాలా నీ" అని వాళ్ల సిల్హెటి మాటలో క్షేమం అడగడం నేర్చుకుంది మన అమ్మాయి. ఊరి క్షేమం కోసం ప్రార్థించమన్న ఆజ్ఞ ఇలా ఒక మనిషి క్షేమం అడగడంతో మొదలవుతుంది.

ఊరికీ ఒక బాధ ఉంటుందని ఆ టీ పెద్దాయన వల్లే తెలిసింది. అస్సామీని ఒక్కదాన్నే రాష్ట్ర అధికార భాష చేసినప్పుడు, తమ బెంగాలీకి చోటు కావాలని ఆ లోయ ప్రజలు ఉద్యమించారు. 1961 మే 19న సిల్చార్ రైల్వే స్టేషన్ దగ్గర పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. ఏటా ఆ రోజున ఊరు వాళ్లని తలుచుకుంటుంది. తెలుగు మాట వినబడక నెలల తరబడి కుమిలిన పిల్లకి, అమ్మభాష కోసం ప్రాణాలు పోగొట్టుకున్న ఊళ్లో తను ఉన్నానని తెలిసింది. భాష కోసం తపించే రాష్ట్రం నుంచి వచ్చినది కదా, పొట్టి శ్రీరాములు గారి పేరు ఆ పెద్దాయనకి తనే చెప్పిందట.

ఒక హెచ్చరిక ముందే చెప్పుకుని ఉంచాలి. సంక్రాంతికి ఇంటికి వచ్చి వెళ్లాక బెంగ రెండోసారి వస్తుంది, తరచు మొదటిదానికన్నా గట్టిగా. ఈసారి ఏం పోగొట్టుకుంటున్నారో బాగా తెలిసి వెళ్తారు గనుక. తను వెనక్కి జారిపోయానని బిడ్డ అనుకోకూడదు, ఇంట్లోవాళ్లూ అనుకోకూడదు. మళ్లీ ఆ సందెవేళ నడక, ఆ బల్లమీది ముద్ద మొదలుపెడితే ఇది మొదటిసారి కన్నా త్వరగా తగ్గుతుంది.

అన్ని కన్నీళ్లూ బెంగ కన్నీళ్లు కావు. మామూలు బెంగ వచ్చి పోతూ ఉంటుంది, మధ్యలో నవ్వు ఉంటుంది. వారాల తరబడి నిద్ర లేక, తిండి సహించక, క్లాసులు మానేసి మంచం దిగకపోతే, బతకాలని లేదన్న మాట నోట వస్తే, వార్డెన్‌కీ కాలేజీ కౌన్సెలర్‌కీ వెంటనే చెప్పాలి. టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మెస్సుకో మెట్లమీదికో వెళ్లడానికి హఠాత్తుగా భయపడుతుంటే అది ర్యాగింగ్ కావచ్చు, దానికి 1800-180-5522. ఇలా అడగడం విశ్వాసం తక్కువై కాదు. బదరీ చెట్టు కింద చావు కోరుకున్న ఏలీయాకి దేవుడు మొదట ఉపదేశం పంపలేదు. నిద్ర ఇచ్చాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె ఇచ్చాడు, నీళ్లు ఇచ్చాడు. మాట్లాడింది తర్వాతే.

ప్రార్థన: తండ్రీ, ఈ సాయంత్రం దూరదేశపు హాస్టల్ గదుల్లో దీపం వెయ్యడానికి కూడా మనసు రాక కూర్చున్న మా పిల్లలను నీ చేతికి అప్పగిస్తున్నాం. తలుపు తీసుకుని పక్క గదికి వెళ్లే ధైర్యం వాళ్లకివ్వు. "వచ్చెయ్యి" అనే మాట నాలుక చివరకు వచ్చినప్పుడు దాన్ని ఆపుకునే ప్రేమ మాకివ్వు. వాళ్లకి అన్నం వండే చేతులను, గేటు దగ్గర టీ కాచే వాళ్లను, వాళ్ల ఇళ్లను, ఆ ఊరిని కాపాడు. యేసు నామమున అడుగుతున్నాం. ఆమేన్.