తొలగింపు, పూరణం, సత్యం

1838వ సంవత్సరంలో లూయీ దగేర్ పారిస్ నగరంలోని ఒక ఎత్తయిన కిటికీ నుండి బులెవార్ ద్యు తాంప్ల్ అనే వీథిని ఛాయాచిత్రంగా గ్రహించాడు. అది ఎప్పుడూ జనసమ్మర్దంతో ఉండే వీథి. అయినా చిత్రంలో అది దాదాపు నిర్మానుష్యంగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో పలకపై వెలుతురు ముద్ర పడడానికి కొన్ని నిమిషాలు పట్టేది. అంతసేపు ఒకచోట నిలువని బండ్లు, గుర్రాలు, బాటసారులు ఏ జాడా వదలకుండా మాయమయ్యారు. ఒక మూల బూట్లకు పాలిష్ పెట్టించుకుంటూ కదలక నిలబడిన మనిషి, అతని పాదాల చెంత మసకగా ఆ పాలిష్ పెట్టేవాడు మాత్రం మిగిలారు.

అక్కడ ఎవరినీ ఎవరూ ఉద్దేశపూర్వకంగా తొలగించలేదు. యంత్రానికున్న పరిమితి వారిని తొలగించింది. ఇప్పుడు అదే పని మనిషి కోరికపై, కోరినంత మేరకు జరుగుతున్నది. తీసిన దృశ్యంలో అడ్డువచ్చిన విద్యుత్ స్తంభాన్ని గాని, దారినపోయే మనిషిని గాని, వారు అక్కడ ఎన్నడూ లేనట్లుగా తుడిచివేయవచ్చు. అలా తుడిచిన తరువాత ఏర్పడే ఖాళీని దేనితో నింపుతున్నారు? ఈ విషయంలోని నైతిక ప్రశ్న అంతా ఈ ఒక్క చిన్న ప్రశ్నలో ఇమిడి ఉన్నది.

ఒక ఉదాహరణను ఊహించవచ్చు. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయంపై ఒక సాంస్కృతిక సంస్థ డాక్యుమెంటరీ నిర్మిస్తున్నది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆలయమది. ఉదయపు ఎండలో కెమెరాను ట్రైపాడ్‌పై కదలకుండా నిలిపి, పది సెకన్ల దృశ్యం తీశారు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున మొత్తం 250 ఫ్రేములు. ఆ పది సెకన్లలో ఆవరణను ఊడ్చే ఒక స్త్రీ చీపురుతో ఎడమ నుండి కుడికి దాటిపోయింది. ఆమె లేకుండా దృశ్యం కావాలని నిర్మాతలు కోరారు.

దీనికి నమ్మదగిన పాత పద్ధతి 'క్లీన్ ప్లేట్'. ఆమె వెళ్లిపోయిన తరువాత కెమెరాను అంగుళమైనా కదల్చకుండా, ఫోకస్‌ను, ఎక్స్‌పోజర్‌ను, రంగుల అమరికను మార్చకుండా అదే చోటును మరికొన్ని సెకన్లు చిత్రించి ఉంచుకుంటారు. ఆ తరువాత ప్రతి ఫ్రేములోను ఆమె ఆకారం మేరకు 'మాస్క్' తయారుచేస్తారు. అది నలుపు తెలుపుల బొమ్మ: తెల్లగా ఉన్నచోట అసలు దృశ్యం తొలగి క్లీన్ ప్లేట్ కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట అసలు దృశ్యం అలాగే నిలుస్తుంది. పూర్వం ఈ మాస్క్‌ను ఫ్రేము ఫ్రేముకు చేతితో గీసేవారు. ఇప్పుడు ఒక ఫ్రేములో మనిషిని గుర్తించి చూపితే, మిగిలిన ఫ్రేములలో కృత్రిమ మేధ ఆ ఆకారాన్ని వెంబడిస్తుంది. చెదిరిన జుట్టు, చీపురు పుల్లలు, వేగంగా కదిలే చేతి మసక వద్ద మాత్రం అది తడబడుతుంది. అందుచేత మాస్క్‌ను కొన్ని పిక్సెళ్ల మేర వెలుపలికి పెంచి, అంచులను మెత్తపరుస్తారు. మనిషితోపాటు ఆమె నీడను కూడా మాస్క్‌లోకి తీసుకోవాలి. అది మరచిపోతే రాతినేలపై ఎవరికీ చెందని నీడ ఒకటి నడుస్తూ పోతుంది.

ప్లేట్ విడిగా తీయనప్పుడు కూడా ఒక ఉపాయమున్నది. నేల మీద ఏదో ఒక బిందువును ఆమె 20 ఫ్రేముల పాటు కప్పిందనుకుంటే, మిగిలిన 230 ఫ్రేములలో ఆ బిందువు బయటికే కనిపిస్తుంది. 250 విలువలనూ వరుసలో పేర్చి నడిమి విలువను తీసుకుంటే, అది నేల రంగే అవుతుంది. ప్రతి బిందువుకూ ఇలా చేస్తే మనిషి లేని ఆవరణ లభిస్తుంది. ఒకరకంగా ఇది దగేర్ పలక చేసిన పనే. ఆమె సగానికి మించిన ఫ్రేములలో ఒకే చోట నిలిచి ఉంటే మాత్రం నడిమి విలువ ఆమె చీర రంగే అవుతుంది. ఇలా తీసిన ప్లేట్ సహజమైన చిత్రరేణువులు అణగిపోయి మరీ నునుపుగా ఉంటుంది. ఆ రేణువులను తిరిగి చేర్చకపోతే, సజీవమైన దృశ్యం మధ్య ఆ అతుకు జీవం లేని పలకలా కనిపిస్తుంది.

ఇంతవరకు అంతా సాంకేతిక విషయమే అనిపించవచ్చు. కాని ఈ ఉదాహరణలో మరొక చిక్కు ఉన్నది. ఆమె ఊరక నడిచిపోలేదు; ఊడుస్తూ పోయింది. ఆమెకు ముందున్న నేలపై రాలిన ఆకులున్నాయి. వెనుక ఉన్న నేల శుభ్రమైనది. క్లీన్ ప్లేట్ ఆమె వెళ్లిన తరువాత తీసినది గనుక అందులో నేలంతా శుభ్రంగానే ఉన్నది. ఆమెను, ఆమె నీడను మాత్రమే తొలగిస్తే, ఎవరూ ఊడ్చకుండానే ఆకులు ఒకదాని వెంట ఒకటి మాయమవుతూ పోతాయి. ఆ విడ్డూరాన్ని దాచడానికి మాస్క్‌ను నేలంతటికీ విస్తరింపజేసి, ఆవరణ మొదటి నుండీ శుభ్రంగా ఉన్నట్లు చూపవలసి వస్తుంది. అప్పుడు ప్రేక్షకుడు చూసే శుభ్రత ఆమె శ్రమఫలమే. కాని ఆమె మాత్రం అందులో ఉండదు. ఏ ఒక్క పిక్సెల్‌నూ కల్పించలేదు. నేల నిజమైనదే, రాయి నిజమైనదే. అయినా, ఆ ఉదయం అక్కడ జరిగినది మాత్రం చిత్రంలో లేదు. స్థలం విషయంలో సత్యమైనది కాలం విషయంలో అసత్యం కాగలదని దీనివలన తెలుస్తుంది.

రెండవ దృశ్యం మరింత కఠినమైనది. ఆమె అలసి, ఆవరణలోని శాసనస్తంభానికి ముందు కూర్చున్నది. దృశ్యం ముగిసేవరకు అక్కడి నుండి లేవలేదు. ఆమె వెనుక ఉన్న పంక్తులు 250 ఫ్రేములలో ఒక్కదానిలో కూడా కనిపించవు. ఇక్కడ తొలగింపు అంటే పూరణమే. ఈ పనికి 'ఇన్‌పెయింటింగ్' అని పేరు. 2000వ సంవత్సరంలో మార్సెలో బెర్తాల్మియో, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనా పత్రంతో ఈ మాట కంప్యూటర్ రంగంలో స్థిరపడింది. చుట్టూ ఉన్న గీతలను, రంగులను ఖాళీలోనికి కొనసాగించడం వారి పద్ధతి. నేటి కృత్రిమ మేధ పద్ధతులు అంతటితో ఆగవు. అసంఖ్యాకమైన చిత్రాల నుండి నేర్చుకున్నదానిని ఆధారం చేసుకుని, అక్కడ ఏమి ఉండదగునో ఊహించి నింపుతాయి.

ఉండదగినది వేరు, ఉన్నది వేరు. గడ్డి విషయంలో ఈ భేదం ఎవరినీ బాధించదు. శాసనం విషయంలో అది మూలానికే గొడ్డలిపెట్టు. యంత్రం రాతిపై అక్షరాల వంటి గీతలను చెక్కుతుంది. తలకట్ల వంపులు, రాతి పెచ్చులు, వెలుగునీడలు అన్నీ కుదురుతాయి. కాని అవి అక్షరాలు కావు, చదివితే పదం రాదు. పరిశీలనగా చూసేవారికి కొన్ని గుర్తులు దొరుకుతాయి: ఫ్రేము మారినప్పుడల్లా గీతలు సన్నగా వణకడం, ఒకే మచ్చ రెండుచోట్ల పునరావృతం కావడం, పక్కనున్న పిల్లవాడు ఎవరూ లేని చోటికి చూసి నవ్వడం. పద్ధతులు మెరుగవుతున్నకొద్దీ ఈ గుర్తులు అరుదవుతున్నాయి. రేపు అసలు స్తంభం మరింత శిథిలమైనప్పుడు, ఒక పరిశోధకుడు ఈ డాక్యుమెంటరీనే ఆధారంగా తీసుకుంటే, జరిగిన నష్టానికి బాధ్యులెవరు?

ప్రతి తొలగింపూ అపరాధమేనా అంటే, కాదు. కథాచిత్రంలో నటుడిని గాలిలో నిలిపిన తీగను చెరిపితే ఎవరూ మోసపోరు. ఆ దృశ్యం నిజమని ఎవరూ ప్రమాణం చేయలేదు. అనుమతి లేకుండా తన ముఖం తెరపైకి రావడం ఒక బాటసారికి ఇష్టం లేకపోవచ్చు. ఆ కోరికను మన్నించడం మర్యాద. అక్కడ సైతం రెండు దారులున్నాయి. ముఖాన్ని మసకబరిస్తే, ఇక్కడొక మనిషి ఉన్నాడు, ఎవరో చెప్పము అన్నట్లు. పూర్తిగా తుడిచివేస్తే, ఇక్కడ ఎవరూ లేరు అన్నట్లు. మొదటిది మౌనం, రెండవది అబద్ధపు సాక్ష్యం. సోవియట్ రహస్య పోలీసు అధిపతి నికొలాయ్ యెజోవ్ మాస్కో-వోల్గా కాలువ గట్టుపై స్టాలిన్ పక్కన నిలిచిన ఛాయాచిత్రం ఒకటున్నది. 1940లో అతనికి మరణశిక్ష అమలైంది. సవరించిన ప్రతిలో అతడున్న చోట కాలువ నీరు కనిపిస్తుంది. ఆ నీరు ఎంత నేర్పుగా చిత్రితమైతే, అసత్యం అంత సంపూర్ణమైంది.

ఇన్‌పెయింటింగ్ అనే మాటను ఆ కంప్యూటర్ పరిశోధకులు తీసుకున్నది చిత్రాల జీర్ణోద్ధరణ చేసే కళాకారుల నుండి. ఆ కళాకారులు ఈ ప్రశ్నను ముందే ఎదుర్కొన్నారు. రోమ్ నగరంలో 1939లో ఏర్పడిన కేంద్ర పునరుద్ధరణ సంస్థకు తొలి అధిపతి చేసారే బ్రాందీ. ఆయన నాయకత్వంలో అక్కడ 'త్రత్తెజ్జో' అనే పద్ధతి రూపొందింది. పాత చిత్రంలో రంగు రాలిపోయిన చోటును సన్నని నిలువు గీతలతో నింపుతారు. దూరం నుండి చూసేవారికి చిత్రం అఖండంగా కనిపిస్తుంది. దగ్గరకు వచ్చి చూసేవారికి ఏది ప్రాచీనం, ఏది నేటి పూరణం అన్నది స్పష్టంగా తెలుస్తుంది. కంటికి తృప్తినిస్తూనే బుద్ధికి సత్యం చెప్పే మార్గమది. ఆ మాట కంప్యూటర్ రంగంలోకి వచ్చింది గాని, ఆ నియమం దానితోపాటు రాలేదు. అక్కడ అతుకు తెలియకపోవడమే విజయం.

కదిలే దృశ్యంపై నిలువు గీతలు గీయడం సాధ్యం కాదు. అయితే ఈ పనిలో ఒక సాక్షి సహజంగానే పుడుతున్నది: మాస్క్. ఏ ఫ్రేములో, ఏ మేరకు, ఏ ఆకారంలో మార్పు జరిగిందో అది తెలుపు నలుపులలో తేటతెల్లం చేస్తుంది. పని ముగియగానే దానిని పారవేయకుండా, అసలు దృశ్యంతోను, క్లీన్ ప్లేట్‌తోను కలిపి భద్రపరిస్తే, అదే ఈ కాలపు త్రత్తెజ్జో అవుతుంది. ప్రజాధనంతో నిర్మించే డాక్యుమెంటరీల ఒప్పందాలలో ఈ మూడింటినీ సమర్పించాలని ఒక్క వాక్యం చేర్చడం కష్టం కాదు. ఖాళీని క్లీన్ ప్లేట్‌తో నింపారా, ఊహతో నింపారా అన్నది చిత్రం చివర తెలియజేయడం మరొక వాక్యం.

శాసనస్తంభం విషయంలో అంతకంటె సులువైన మార్గం కూడా ఉన్నది. "అమ్మా, జర పక్కకు కూర్చుంటరా?" అని అడిగితే ఆమె లేచి ఉండేది. ఆ పంక్తులు కెమెరాకు అందేవి. ఏ యంత్రమూ వాటిని ఊహించవలసిన అవసరం రాకపోయేది. పారిస్ వీథిలో బూట్లకు పాలిష్ పెట్టినవాడి పేరు ఎవరికీ తెలియదు. కాని ఆ వీథి నిర్మానుష్యం కాదని ఈనాటికీ సాక్ష్యం చెబుతున్న ఇద్దరిలో అతడొకడు.