నయం కాని మనిషికి ‘స్లాన్‌చ’

డబ్లిన్‌లో తొమ్మిదేళ్ళు నా పక్క సీట్లో పనిచేసిన పెద్దాయన పోయిన నెల ఉద్యోగం మానేశాడు. పార్కిన్సన్స్. వీడ్కోలు పార్టీలో గ్లాసెత్తి నాలుగు ముక్కలు చెప్పే పని నామీద పడింది. చివర్లో ‘స్లాన్‌చ’ అనాలి. ఆరోగ్యం అని అర్థం. తగ్గని జబ్బున్న మనిషి మొహం చూస్తూ ఆరోగ్యం అనడం అబద్ధం కాదూ?

ఆ మాట పలకడం నేర్పింది కూడా ఆయనే. మొదట్లో స్పెల్లింగ్ చూసి ‘స్లెయింట్’ అనేవాణ్ణి. ‘ఎ’ మీద ఉన్న ఏటవాలు గీత దాన్ని దీర్ఘం చేస్తుంది, ఆ ‘ఆ’లో కాస్త ‘ఓ’ ఛాయ కూడా ఉంటుంది. పక్కనున్న ‘ఐ’ని పలకరు. తర్వాతి అక్షరాలను మెత్తగా పలకమని చెప్పడానికే అది ఉంది. అలా మెత్తబడిన ‘ట’ చాలామంది నోట ‘చ’కి దగ్గరగా వస్తుంది. సత్యం ప్రాకృతంలో సచ్చం కాలేదూ, అలాగన్నమాట. దక్షిణాన మన్‌స్టర్ వాళ్ళు పలికితే మాత్రం ‘త్య’లా వినిపిస్తుంది.

మన ‘ఆరోగ్యం’ రోగం లేకపోవడం. అది ఆయనకిక రాదు. ‘స్లాన్‌చ’ పుట్టింది ‘స్లాన్’ నుంచి. ఏ లోటూ లేకుండా, క్షేమంగా ఉండడం అని దానర్థం. వీడ్కోలు మాట కూడా అదే. వెళ్ళేవాళ్ళతో ‘స్లాన్ లాట్’ అంటారు, ఉండిపోయేవాళ్ళతో ‘స్లాన్ అగత్’ అంటారు. మనం ‘క్షేమంగా వెళ్ళి లాభంగా రండి’ అన్నట్టే.

ఇది తెలిశాక నా ఇబ్బంది తీరిపోయిందనుకున్నాను. కానీ అది తప్పించుకోవడమే. మాట ఎక్కణ్ణించి వచ్చిందన్నది వేరు, ఇవాళ విన్నవాడికి ఏం అర్థమవుతుందన్నది వేరు. ఐర్లండ్ ఆరోగ్యశాఖ పేరులో ఉన్నది కూడా ఈ ‘స్లాన్‌చే’. ఆయన చెవికి అది ఆరోగ్యమనే వినబడుతుంది. నా మనసులో ఇంకో అర్థం దాచుకుని పైకి ఆ మాటంటే నిజాయితీ ఎలా అవుతుంది?

ఆ ముందురోజు ఆయన్నే అడిగేశాను, ‘ఆ మాట అననా, వద్దా’ అని. ఆయన నవ్వి, “నువ్వేమన్నా డాక్టరువా?” అన్నాడు.

అప్పుడు తట్టింది. నాకు తగ్గుతుందని నేను చెబితే అది అబద్ధం, ఎందుకంటే అది జరగబోయేదాని గురించి చెప్పడం. కోరుకోవడం అలాంటిది కాదు. జరగదని తెలిసినా కోరుకోవచ్చు. నిజంగా కోరుకోకుండా అంటేనే అది అబద్ధమవుతుంది. పైగా, జబ్బుందని ఆ ఒక్కడికీ ఆ మాట మానేస్తే, మిగతా అందరికీ చెప్పేది ఆయనకు లేకుండా చేసినట్టే.

పార్టీలో ఆయన గ్లాసు సగమే నింపారు, చెయ్యి వణికితే ఒలక్కుండా. నేను ‘స్లాన్‌చ’ అన్నాను. ‘చ’ సరిగ్గానే పలికింది. ఆయన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తిరిగి అదే మాట అన్నాడు, నాకు.