ఉగాది పంచాంగ శ్రవణము - చదువువాని నోరు

పంచాంగ శ్రవణమనగా నేమో మనవారికి వేరుగ చెప్పనక్కర లేదు. కన్నడ దేశములో తరతరములుగ స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఏ యాచారము సడలినను ఇది సడలలేదు. మా పాతపాళ్యములో ఉగాదినాటి సాయంకాలము వేపపువ్వు, బెల్లము పంచిన పిమ్మట ఊరివారు రామమందిరము ముందు కూర్చుందురు. ఒకరు పంచాంగము చదువుదురు. పూర్వము చదువు పెద్దలు గతించిన తరువాత ఆ పని నాపై బడినది. నేను జ్యోతిష్కుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి గుమాస్తాగిరి చేసి విరమించినవాడను. స్పష్టముగ చదువగలనను నమ్మకముతోనే నన్ను కూర్చుండబెట్టిరి. నలుగురి నడుమ నలుగురి భవిష్యత్తు చదువువాడు ఎంతవరకు నోరు విప్పవచ్చునను ప్రశ్న నాకు అప్పుడు తోచలేదు. ఒక తప్పు చేసిన పిమ్మటనే తోచినది.

శ్రవణములో మొదటి భాగము నవనాయకులది. చైత్ర శుద్ధ పాడ్యమి యే వారమున వచ్చునో ఆ వారాధిపతి రాజు. సూర్యుడు మేషమున ప్రవేశించు దినపు వారాధిపతి మంత్రి. 2024 ఏప్రిల్ 9, క్రోధి నామ సంవత్సరాది, మంగళవారము గనుక కుజుడు రాజయ్యెను. మేష సంక్రమణము శనివారమైనందున శని మంత్రియయ్యెను. ఇట్టి రాజును, ఇట్టి మంత్రిని విని సభ గతుక్కుమనెను. అప్పుడు నేను, "మన తాలూకా కచేరీలో ఇంతకన్న కోపిష్ఠులను చూచినాము, బ్రతికి బయటపడలేదా?" అంటిని. అందరును నవ్విరి. ఈ హాస్యమున దోషము లేదు. కుజుడు మా యూరివాడు గాడు, నొచ్చుకొనడు. వర్షఫలము వచ్చినప్పుడు మాత్రము నేను నవ్వింపను. బోరుబావులు ఎండిన ఈ సీమలో వేరుసెనగ వేయువాడు ఆ మాటను చెవి యొగ్గి వినును. గ్రంథములో నున్నది చదివి, "విత్తునాడు పుస్తకము గాదు, నేల తడి చూడుడు" అని ముందుకు సాగుదును.

చిక్కంతయు ఆదాయ వ్యయములకడ నున్నది. పండ్రెండు రాశులకు ఆదాయమింత, వ్యయమింత, రాజపూజ్యమింత, అవమానమింత అని అంకెలుండును. అధిపతి యొక్కడే యైన రాశులకు ఆదాయ వ్యయములును ఒక్కటే. మేషమునకు, వృశ్చికమునకు కుజుడే అధిపతి గనుక, ఆ రెండింటికిని క్రోధిలో ఆదాయము 8, వ్యయము 14. సభలో మూడువందలమంది యున్నచో ఒక్కొక్క రాశికి సుమారు ఇరువదియైదుగురు వచ్చెదరు. ఆ ఇరువదియైదుగురే ఒకరి కొకరు చాటు. వ్యయము 14 అని చదివినను అది ఎవని ముఖమునను అంటదు.

అయితే మన యూళ్లలో ఈ చాటు అన్ని రాశులకును సమానముగ లేదు. జాతకము వ్రాయించుకొననివారు పేరులోని తొలి యక్షరమును బట్టి రాశి చూచుకొందురు. మా, మీ, మూ, మే అక్షరములు మఖా నక్షత్రమునకు, అనగా సింహరాశికి చెందును. మునియప్పలు, మునెమ్మలు, మంజునాథులు మా సీమలో గుంపులు గుంపులు. సింహమునకు ఆదాయము 2, వ్యయము 14 అని చదివినప్పుడు సభలో ముప్పాతిక వంతు, "అయ్యో, మనదే!" అని కలిసి నవ్వుకొనెను. కర్కాటకమునకు వచ్చు అక్షరములు హి, హు, హే, హో, డ వర్గమువి. ఆ యక్షరములతో మొదలగు పేరు ఆనాటి సభలో ఒక్క రైతుకే యుండెను. అది అందరికిని తెలియును.

క్రోధిలో కర్కాటకమునకు ఆదాయము 14, వ్యయము 2. అంత మంచి యంకె మరి యే రాశికిని లేదు. నేను చదివి, తలయెత్తి, అతనివంక చూచి, "ఈ యేడు అప్పు కావలసినవారు బ్యాంకుకు పోనక్కర లేదు, ఇతని యింటికి పొండి" అంటిని. సభ గొల్లుమనెను. అతడును నవ్వెను గాని, అందరి నవ్వు ఆగిన తరువాత నవ్వెను. అటుపిమ్మట నేలచూపు చూచుచు కూర్చుండెను. ఆ యాలస్యమును నేను కంటిని గాని దాని యర్థము గ్రహింపలేదు.

మూడవనాడు అతడే మా యింటికి వచ్చెను. "సామీ, మీరు తమాషాకు అంటిరి. నాకు అప్పిచ్చినాయన వెనకాలే కూర్చోనుండె. తెల్లారేసరికి ఇంటి ముందర నిలబడినాడు. పదునాలుగు వస్తుందంట గదప్పా, నాకియ్యి అని. రెండేండ్లుగా బోరు చచ్చిపోయిందని ఇంట్లో ఆడవాళ్లకు తప్ప ఎవురికీ చెప్పలేదు సామీ" అనెను. నా యొద్ద ఉత్తరము లేకపోయెను. చెడ్డ ఫలము చదివినప్పుడే జాగ్రత్త వలయునని నేననుకొనియుంటిని. మంచి ఫలము గూడ మనిషిని నడివీధిలో నిలబెట్టునని ఆనాడు తెలిసెను.

ఉపాధ్యాయుడైన నా మిత్రుడొకడు నన్ను సమర్థించెను. "అచ్చయిన పుస్తకము గదా! రూకలిచ్చి ఎవడైన కొనవచ్చును. అందరికిని తెలిసినది రహస్యమెట్లగును?" అని అతని వాదము. వాదము పైకి గట్టిదే. అంకె రహస్యము గాదు, ఆ మనిషి పేరును రహస్యము గాదు. కాని రెండింటిని సభలో ముడివేసినవాడను నేను. ఆ ముడి పుస్తకములో లేదు. కైవార తాతయ్య తెలుగున కాలజ్ఞానము చెప్పెను, దానిని మన సీమలో ఇప్పటికిని గుంపులుగ కూడి విందురు. అది కాలమును గూర్చిన మాట గనుక విన్నవాడెవడును తన గుట్టు బయటపడెనని లేచిపోడు. రాశిఫలమును గూడ అట్లే ఎవరిదియు గాకుండ చదువవచ్చును. చూపు పుస్తకముమీద నుండవలెను, అంతే.

అప్పటినుండి నా పద్ధతి మార్చుకొంటిని. మేషము మొదలు మీనము వరకు నడుమ నిలుపక, తలయెత్తక, ఒకే స్వరముతో చదువుదును. హాస్యమాడ వలసివచ్చినచో నా రాశిమీదనే ఆడుదును. ఎవరైన, "సామీ, నాది ఇంకోసారి చెప్పండి" అన్నచో మరల చదువను. పుస్తకమును దారముతో మందిరపు స్తంభమునకు కట్టివత్తును, ఎవరిది వారు చూచుకొందురు.

కందాయ ఫలములను సభలో చదువుటయే మానితిని. అవి నక్షత్రమును బట్టి నాలుగేసి నెలలకు ఒక్కొక్కటిగ చెప్పు మూడంకెలు. బేసి యైన లాభము, సరి యైన సమము, సున్న యైన శూన్యము. నక్షత్రము లిరువదియేడు గనుక మూడువందలమందిలో ఒక్కొక్క దానికి పదునొకండుగురే మిగులుదురు. పైగా పెండ్లి సంబంధములు చూచు ఇండ్లలో పిల్ల నక్షత్రము పదిమందికి తెలిసియుండును. దానికి మొదటనే సున్న వచ్చెనని సభలో వినిపించినచో ఆ సున్న సంబంధము మాటలాడువారి చెవిదాక పోవును. మొన్నటి యేడు ఒక తల్లి సభలోనే లేచి, "మా పాపకు ఈ యేడన్నా అవుతుందా సామీ?" అని యడిగెను. ఆ పిల్ల ప్రక్కనే యున్నది. "అమ్మా, నాకు చదువుటే తెలియును, చూచుట తెలియదు. రేపు మీ యింట కాఫీ త్రాగుదును" అంటిని. సభ నవ్వెను. ఆ నవ్వు నామీదిది. మరునాడు పోయి కాఫీ త్రాగితిని. పెండ్లి మాట ఆ పిల్ల యెత్తలేదు, నేనును ఎత్తలేదు.

ఇట్లు ముక్కుసూటిగ చదువుటవలన రుచి తగ్గెనని కొందరందురు. నిజమే, తగ్గెను. మునుపటి పెద్దలు చదివినప్పుడు ఇంతకన్న నవ్వులుండెడివి. ఆ నవ్వులలో ఎన్ని ఎవరికి గుచ్చుకొనెనో నాకు తెలియదు.

2025 మార్చి 30, విశ్వావసు నామ సంవత్సరాది. మేము చదివిన పంచాంగములో కర్కాటకమునకు ఆదాయము 8, వ్యయము 2. మరల మంచి యంకెయే. ఆ రైతు వచ్చునో రాడో యనుకొంటిని. వచ్చి వెనుక వరుసలో స్తంభము ప్రక్కన కూర్చుండెను. మిథునము, కర్కాటకము, సింహము ఒకే యూపిరితో చదివి సాగిపోతిని. ముగించి తలయెత్తి చూడగా అతడు ప్రక్కనున్న కుర్రవానిని వేపపువ్వు, బెల్లము ఇంకొంచెము అడుగుచుండెను.