ట్యాగ్ చేస్తే ఇచ్చేసినట్టేనా?

మేనకోడలికి మంగళగిరిలో చేనేత చీరల కొట్టు ఉంది. మేనమామ గుంటూరు కోర్టులో చాలాకాలం ప్రాక్టీసు చేసి మానేసిన వకీలు. ఆమె కొట్టులో నిజాం అంచు చీర కొన్న ఒకావిడ, గృహప్రవేశం నాడు అది కట్టుకుని, మనవరాలిని చంకనెత్తుకుని దిగిన ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి కొట్టును ట్యాగ్ చేసింది. వాళ్ళిద్దరి మధ్య మాట అక్కడ మొదలైంది.

"మామయ్యా, డబ్బులు పోసినా ఇంత మంచి ప్రకటన దొరకదు. ఇప్పుడే మా పేజీలో పెట్టేస్తాను."

"ఆవిణ్ణి అడిగావా?"

"ఆవిడే ట్యాగ్ చేసిందిగా! ప్రతి చీరతోపాటు ఒక కార్డు పెడతాం. 'ఈ చీరలో ఫోటో దిగితే మమ్మల్ని ట్యాగ్ చేయండి' అని అందులో రాసి ఉంటుంది. ఆవిడ చేసింది. ఇంక అడగడానికి ఏముంది?"

"కార్డులో నువ్వేం అడిగావో ఆవిడ అదే చేసింది. ఆ ఫోటో మీ పేజీలో పెట్టుకుంటామని కార్డులో ఎక్కడా లేదే!"

"అందరికీ కనపడేలాగే కదా పెట్టింది. నేను దాచుకున్నది ఎత్తుకొస్తున్నానా?"

"కనపడనివ్వడం వేరు, వాడుకోనివ్వడం వేరు. తన పేజీలో ఆవిడ కొత్త ఇల్లు, మనవరాలు, చీర, అన్నీ కలిపి తనవాళ్ళకి చూపించుకుంది. నీ పేజీకి వచ్చేవాళ్ళు చీర కొనడానికి వస్తారు. ఆ ఫోటో అక్కడికి చేరిన క్షణం నుంచి ఆవిడ నీ చీర అమ్మిపెట్టే మనిషి అవుతుంది. ఆ పని చేస్తానని నీతో ఎప్పుడన్నా అందా?"

"ఆవిడ సంతోషిస్తుంది మామయ్యా. నాకు తెలుసు."

"సంతోషించేదైతే అడగడానికి నీకు భయమెందుకు?"

ఆమె దగ్గర దీనికి జవాబు లేదు. ఆవిడ సంతోషిస్తుందన్న మాట చాలావరకు నిజమే కావచ్చు. కానీ అది కొట్టువాళ్ళ ఊహే తప్ప ఆవిడ నోటి మాట కాదు. చాలామంది వ్యాపారులు ఆ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే తగువులు వస్తున్నాయి.

"సరే, చట్టం ఏమంటుంది?"

"1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో మీద మొదటి హక్కు దాన్ని తీసినవాళ్ళది. అందులో ఉన్నవాళ్ళది కాదు. డబ్బులిచ్చి ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, తీయించుకున్నవాళ్ళదవుతుంది. ఇప్పుడు చెప్పు, ఈ ఫోటో ఎవరు తీశారు?"

"ఏమో. వెనకాల లైటింగ్ చూస్తే ఫోటోగ్రాఫరే అనిపిస్తోంది."

"చూశావా! ఆవిడ సరేనన్నా, హక్కు డబ్బులిచ్చి తీయించిన కొడుకుది కావచ్చు, ఫోటోగ్రాఫర్‌ది కావచ్చు. ఇంకో సంగతి. వాడుకోవడానికిచ్చే అనుమతి రాతపూర్వకంగా ఉండాలని అదే చట్టం అంటోంది. కౌంటర్ దగ్గర తలూపితే సరిపోదు."

"ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినప్పుడే షరతులకు ఒప్పుకుంటారు కదా?"

"ఒప్పుకుంటారు, ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళకి. నీకు కాదు. ఇలాంటి వాదనే అమెరికాలో ఒకసారి వీగిపోయింది. 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు డానియెల్ మొరెల్ అనే ఫోటోగ్రాఫర్ తన ఫోటోలు ట్విట్టర్ ద్వారా బయటపెట్టాడు. ఇంకొకడు వాటిని తనవిగా పెట్టుకుంటే, ఏజెన్స్ ఫ్రాన్స్ ప్రెస్ అక్కణ్ణుంచి తీసుకుని గెటీ ఇమేజెస్ ద్వారా పంచింది. ట్విట్టర్ షరతులు తమకూ అనుమతి ఇచ్చినట్టేనని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. 2013లో జ్యూరీ ఆయనకి 12 లక్షల డాలర్లు ఇవ్వమంది."

"అది పెద్ద సంస్థల గొడవ. స్టోరీలో మమ్మల్ని మెన్షన్ చేస్తే, దాన్ని మా స్టోరీలో కలుపుకోమని ఇన్‌స్టాగ్రామే బటన్ చూపిస్తుంది. అదీ తప్పేనా?"

"దానికి నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఆవిడ పేరుతోనే కనపడుతుంది, 24 గంటల్లో పోతుంది. స్క్రీన్‌షాట్ తీసి, పేరు కత్తిరించి, మీ లోగో అంటించి పోస్టుగా పెట్టడం దగ్గరే గొడవ మొదలవుతుంది. ఆ తర్వాత అదే పోస్టుకు డబ్బులు కట్టి ప్రకటన చేస్తారు. శ్రావణమాసం రాగానే బస్టాండు ముందు ఫ్లెక్సీ కడతారు. ఒక అడుగుకి అనుమతి ఉందని మిగతావీ వేసేస్తారు."

మేనకోడలు కాసేపు ఫోను పక్కన పెట్టి, వేరే దారిలో వచ్చింది.

"అడుగుతాను, సరే. కానీ మా ఊళ్ళో ఎవరూ కాదనరు మామయ్యా. కొట్టుకొచ్చినప్పుడు 'మీ ఫోటో పెట్టుకుంటామండీ' అంటే, ఇష్టం లేకపోయినా 'అలాగేలేమ్మా' అంటారు. మొహమాటం. అలా వచ్చిన అనుమతి అనుమతేనా?"

ఈ చర్చలో బరువైన ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం. మామయ్య కూడా వెంటనే బదులు చెప్పలేదు.

"కాదు," అన్నాడు చివరికి. "కాదనడానికి దారి లేనిచోట అవుననడానికి విలువ లేదు. అందుకే ఎదురుగా అడక్కు, మెసేజ్‌లో అడుగు. ఇంటికెళ్ళి, కొడుకునీ కోడలినీ కనుక్కుని జవాబివ్వడానికి వీలుంటుంది. జవాబు రాకపోతే వద్దన్నట్టే లెక్క, మళ్ళీ మళ్ళీ గుర్తుచెయ్యకు. ఫోటో ఇస్తే 10 శాతం తగ్గిస్తామని అస్సలు అనకు. అప్పుడది మెచ్చుకోలు కాదు, ప్రకటన. తగ్గింపు తీసుకుని పెట్టిన పోస్టుకి ఆ సంగతి కనపడేలా రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021 నుంచీ చెబుతోంది."

"ఇలా ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే దసరా వెళ్ళిపోతుంది."

"వెళ్ళనీ. నీకు రోజుకో ఫోటో కావాలా, నమ్మి మళ్ళీ వచ్చే మనిషి కావాలా? మెసేజ్ ఒకసారి రాసి పెట్టుకుంటే చాలు."

ఇద్దరూ కలిసి రాశారు. మేనకోడలు మొదట రాసినదాంట్లో 'మీ ఫోటో వాడుకోవచ్చా' అని మాత్రమే ఉంది. ఎక్కడ, దేనికి, ఎంతకాలం అనేవి మామయ్య చేర్పించాడు. చివరికి ఇలా తయారైంది:

"నమస్కారమండీ. మా చీరలో మీ ఫోటో చూశాం, చాలా బాగుంది. మీ పేరు ట్యాగ్ చేసి దీన్ని మా ఇన్‌స్టాగ్రామ్ పేజీలో మాత్రం పెట్టుకోవచ్చా? డబ్బులు కట్టే ప్రకటనలకీ ఫ్లెక్సీలకీ వాడం. ఫోటో ఎవరు తీశారు, వారికీ పాప తల్లిదండ్రులకీ ఇష్టమేనా చెప్పండి. ఎప్పుడు తీసెయ్యమన్నా అదేరోజు తీసేస్తాం. వద్దన్నా ఏమీ అనుకోం."

"జవాబు వచ్చాక తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఫోటోతోపాటు ఒక ఫోల్డర్‌లో దాచు," అన్నాడు మామయ్య. "పంపినవాళ్ళు మెసేజ్ వెనక్కి తీసేసుకుంటే నీ దగ్గర ఏమీ మిగలదు. ఇచ్చింది అలాగే పెట్టు. కత్తిరించాలన్నా, రంగు మార్చాలన్నా మళ్ళీ అడుగు. రంగు కొట్టొచ్చినట్టు పెంచితే కొనేవాళ్ళని కూడా మోసం చేసినట్టే."

మర్నాడు సాయంత్రం జవాబొచ్చింది. ఫోటోగ్రాఫర్ తీసిందే. పాప ముఖం వ్యాపారం పేజీలో కనపడటం కోడలికి ఇష్టం లేదట. బదులుగా ఆవిడ తన ఫోనులో తీసుకున్న ఇంకో ఫోటో పంపింది. పీట మీద కూర్చున్న ఆవిడ, ఒళ్ళో పరుచుకున్న కొంగు, ఎండ పడి మెరుస్తున్న జరీ అంచు. చీర కొనాలనుకునే మనిషికి మొదటిదానికంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది. 'ఇది పెట్టుకోండి' అని కింద రాసింది.

కార్డులో కూడా ఇప్పుడొక వాక్యం చేరింది: 'మిమ్మల్ని అడగకుండా మీ ఫోటో మా పేజీలో పెట్టం.'

కొట్టు నడిపేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీ పేజీని ఒకసారి పైనుంచి కిందకి చూసుకోండి. అడగకుండా పెట్టిన ఫోటోలుంటే వాళ్ళకి ఈరోజే రాయండి. జవాబు రాకపోతే ఆ ఫోటోలు తీసెయ్యండి.